దర్రీల సైటుకి ఎఫ్‌ఏక్యూ: ప్రశ్నలు నీ వాట్సాప్‌లోనే ఉన్నాయి

ప్రశ్న: అన్నా, మాది వరంగల్ కొత్తవాడ. నాన్న దర్రీలు అమ్ముతారు, నేను సైటు చూసుకుంటున్నా. ఎఫ్‌ఏక్యూ పేజీ కావాలంటే నెట్‌లో దొరికిన ప్రశ్నలు ఒక ముప్పై పెట్టిన, ఎవరూ చూడట్లేదు, ఫోన్లు మాత్రం ఆగట్లేదు. సైటులో స్కీమా అని ఒక కోడ్ పెడితే గూగుల్‌లో మన లింకు కిందనే ప్రశ్నలు కనిపిస్తాయని ఒకాయన డబ్బులు అడుగుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆయనకి డబ్బులు ఇవ్వకు. లింకు కింద ప్రశ్నలు తెరుచుకుని కనిపించడం ఒకప్పుడు అందరికీ ఉండేది, 2023 ఆగస్టులో గూగుల్ దాన్ని కుదించి పేరున్న ప్రభుత్వ సైట్లకి, ఆరోగ్య సైట్లకి మాత్రమే పరిమితం చేసింది. దర్రీల షాపుకి అది రాదు. ఇప్పటికే సైటులో ఆ స్కీమా, అంటే FAQPage కోడ్ ఉంటే తీసేయాల్సిన పని లేదు, దానివల్ల నష్టం ఏమీ ఉండదు. కాకపోతే కోడ్‌లో రాసిన జవాబు పేజీ మీద కూడా కనిపించాలి, ఒకే ప్రశ్న పది పేజీల్లో ఉంటే ఒక్క చోటే ఆ కోడ్ పెట్టాలి. ఆ సంగతి ఇంతటితో వదిలేయ్.

సెర్చ్‌లో పని చేసేది జవాబే. ఎవరో ఒకరు తన అనుమానాన్ని తన మాటల్లో టైప్ చేస్తారు, దానికి తిన్నగా జవాబు చెప్పే పేజీ నీ దగ్గర ఉంటే దొరికే అవకాశం ఉంటుంది. ఆ మాటలు నువ్వు ఊహిస్తే రావు. నువ్వు పెట్టిన ముప్పైలో "మీ కంపెనీ ప్రత్యేకత ఏమిటి?", "మీ ఉత్పత్తులు నాణ్యమైనవేనా?" లాంటివి ఉండే ఉంటాయి. కొత్తవాడలో గడప దాకా వచ్చిన మనిషి కూడా మీ నాన్నని అలా అడగడు. ఆ ముప్పైని పక్కన పెట్టు, ఫోన్ తీయ్.

గత మూడు నెలల వాట్సాప్ చాట్లు తెరిచి, కస్టమర్ అడిగిన ప్రతి ప్రశ్ననీ ఒక షీట్‌లోకి ఎక్కించు. ప్రశ్న గుర్తు వెతికితే సగమే దొరుకుతాయి, ఎందుకంటే మనవాళ్లు ప్రశ్న గుర్తు పెట్టరు, "కలర్ పోతదా అన్నా" అని వదిలేస్తారు. కాబట్టి కూర్చుని చదవాల్సిందే. వాయిస్ మెసేజ్‌లు విని రాసుకో, వాటిల్లోనే అసలు భయాలు బయటపడతాయి. ఫోన్లు నాన్న ఎత్తుతారు కాబట్టి కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, కాల్ అయిపోగానే ఏం అడిగారో ఒక్క లైన్ రాయమను. పెద్దాయనకి విసుగు అనిపిస్తే సాయంత్రం నువ్వే అడిగి రాసుకో. ఫోన్ నంబర్లు, పేర్లు షీట్‌లోకి ఎక్కించొద్దు, వాటితో పని లేదు.

షీట్‌లో నాలుగు కాలమ్‌లు చాలు. మొదటిది వాళ్లు అడిగిన మాట, ఉన్నది ఉన్నట్టుగా. రెండోది కొనక ముందు అడిగారా, కొన్నాక అడిగారా. మూడోది నువ్వు జవాబు చెప్పాక వాళ్లు వెంటనే మళ్లీ ఏం అడిగారు. నాలుగోది చివరికి ఏమైంది, కొన్నారా, సప్పుడు లేకుండా పోయారా. చాలామంది మొదటి కాలమ్ నింపి, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ఆగిపోతారు. నాకైతే మూడో కాలమే ముఖ్యం. నువ్వు ఒక జవాబు చెప్పిన ప్రతిసారీ అదే తర్వాతి ప్రశ్న వస్తోందంటే, నీ జవాబులో ఏదో లోటుంది, ఆ తర్వాతి ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉండాలని అర్థం.

షీట్ నిండాక నీకు కనిపించే మొదటి విషయం, అన్నిటికంటే ఎక్కువ వచ్చింది "రేటెంత" అయ్యుంటుంది. దాన్ని ఎఫ్‌ఏక్యూలో పెట్టొద్దు. అందరూ రేటు అడుగుతున్నారంటే ప్రొడక్ట్ పేజీలో రేటు లేదు, లేదా ఎక్కడో కింద దాక్కుంది. సైజు కూడా అంతే, "నాలుగు బై ఆరు అంటే మంచం పక్కకి సరిపోతదా" అని అడుగుతున్నారంటే ఆ దర్రీని మంచం పక్కన పరిచిన ఫొటో ఒకటి ప్రొడక్ట్ పేజీలో పెట్టు, ఆ ప్రశ్న చాలావరకు తగ్గుతుంది. కొనేవాళ్లందరికీ కావాల్సిన సమాచారం వస్తువు పక్కనే ఉండాలి. కొందరికే వచ్చే అనుమానం, కానీ తీరకపోతే కొనకుండా ఆగిపోయే అనుమానం, అది ఎఫ్‌ఏక్యూకి వెళ్లాలి. ఈ ఒక్క జల్లెడ పట్టేసరికి షీట్‌లో ఉన్నవి కాస్తా ఎనిమిదో పదో అవుతాయి. అంతే చాలు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న తీసుకుని చివరిదాకా చేసి చూపిస్తా, మిగతావి అదే దారిలో నువ్వు చేసుకో. దర్రీలు అమ్మేవాళ్లకి తప్పకుండా వచ్చేది రంగు గురించి. నీ షీట్‌లో ఇలాంటివి ఉంటాయి చూడు:

"రెడ్ కలర్ పోతదా అన్నా"

"మాది తెల్ల టైల్స్, కింద మరక పడతదా"

"బాల్కనీల ఏస్తం, ఎండకి తెల్లబడతదా"

"నిన్న ఉతికితే నీళ్లన్నీ ఎర్రగ అయినయ్, పాడైనట్టేనా"

పైకి నాలుగూ రంగు పోవడం గురించే కదా, కలిపి ఒక్క ప్రశ్న చేసేద్దాం అనిపిస్తుంది. అక్కడే జవాబు చెడిపోతుంది. ఉతుకుడుకి రంగు నిలవడం వేరు, రాపిడికి అంటకుండా ఉండటం వేరు, ఎండకి వెలిసిపోకుండా ఉండటం వేరు, బట్టల పరీక్షల్లో కూడా ఈ మూడింటినీ విడివిడిగానే చూస్తారు. ఉతికితే చుక్క రంగు దిగని దర్రీ కూడా వేసవంతా ఎండలో ఉంటే వెలిసిపోవచ్చు. నాలుగోది ఇంకా వేరు, అది కొన్నాక వచ్చిన టెన్షన్, ఆమెకి కావాల్సింది రంగుల శాస్త్రం కాదు, "పాడు కాలేదు, ఇలా చేయండి" అన్న మాట, ఒకవేళ నిజంగానే పాడైతే మీరు ఏం చేస్తారన్న మాట. కాబట్టి నాలుగు మెసేజ్‌లకి ఎఫ్‌ఏక్యూలో మూడు ప్రశ్నలు అవుతాయి: ఉతికితే ఏమవుతుంది (మొదటిదీ నాలుగోదీ ఇక్కడ కలుస్తాయి), నేలకి అంటుతుందా, ఎండలో వేయొచ్చా.

జవాబు రాసేముందు అది నిజమో కాదో తేల్చుకోవాలి. నాన్నని అడిగితే "మన రంగు పోదు" అంటారు, అమ్మేవాళ్లు ఎవరైనా అదే అంటారు. అద్దకం చేసేవాళ్లని అడుగు, ఏ రంగుకి ఏ రకం అద్దకం వాడుతున్నారో వాళ్లకి తెలుస్తుంది. ఆ తర్వాత నువ్వే చూసుకో. ప్రతి ముదురు రంగు నుంచి ఒక ముక్క తీసుకుని, తెల్ల నూలు గుడ్డతో కలిపి సబ్బునీళ్లలో అరగంట ఉంచు, తీసి గుడ్డకి ఎంత అంటిందో చూడు. అదే ముక్కని మళ్లీ రెండుసార్లు, మూడుసార్లు ఉతికి ప్రతిసారీ కొత్త తెల్ల గుడ్డతో చూస్తే ఎన్నో ఉతుకుకి ఆగుతోందో తెలుస్తుంది. ఇంకో ముక్క మీద తడి తెల్ల గుడ్డతో గట్టిగా పదిసార్లు రుద్దితే టైల్స్ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. మూడో ముక్కకి సగం మీద అట్ట కప్పి వేసవిలో ఒక నెల డాబా మీద పెట్టు, అట్ట తీయగానే తేడా కళ్లకి కనిపిస్తుంది. మూడింటికీ ఫొటోలు తీసి పెట్టుకో, జవాబు పక్కన వాడుకోవచ్చు. నీ ముక్కల ఫొటో వేరే ఏ సైటులోనూ ఉండదు.

ఇక రాయడం. సైట్లలో మామూలుగా కనిపించే జవాబు ఇలా ఉంటుంది: "మా దర్రీలు అత్యుత్తమ నాణ్యత గల రంగులతో అనుభవజ్ఞులైన నేతకారులచే తయారు చేయబడతాయి, సరైన జాగ్రత్తలు తీసుకుంటే ఎక్కువ కాలం మన్నుతాయి." ఇది చదివాక రంగు పోతుందో లేదో నీకు తెలిసిందా? నాకైతే తెలియలేదు. ఇది చదివిన మనిషి మళ్లీ ఫోన్ చేస్తుంది, లేకపోతే వేరే చోట కొనుక్కుంటుంది.

నేనైతే ఇలా రాస్తా. పరీక్షలో నీకు వచ్చిన ఫలితాన్ని బట్టి మాటలు మార్చుకో:

"ముదురు ఎరుపు, ముదురు నీలం దర్రీలు మొదటి రెండు మూడు ఉతుకుల్లో కొంత రంగు దిగుతాయి, తర్వాత ఆగిపోతుంది. లేత రంగుల్లో ఇది ఉండదు. మొదట్లో చల్లటి నీళ్లలో, వేరే బట్టలు కలపకుండా ఉతకండి, రాత్రంతా నానబెట్టొద్దు. నీళ్లు ఎర్రగా కనిపించినంత మాత్రాన దర్రీ పాడైనట్టు కాదు. నాలుగో ఉతుకు తర్వాత కూడా నీళ్లు ముదురుగా వస్తుంటే ఫొటో తీసి మాకు వాట్సాప్ చేయండి, మార్చి ఇస్తాం."

ఇందులో మొదటి వాక్యం ఒక్కటే చదివి వెళ్లిపోయినా జవాబు అందుతుంది. "రంగు దిగుతుంది" అని ఒప్పుకుంటే కొనరేమో అని నాన్న అంటారు. షీట్‌లో నాలుగో కాలమ్ చూపించు. సప్పుడు లేకుండా పోయినవాళ్ల చాట్లు తెరిస్తే, "గ్యారంటీ అమ్మా, ఏం కాదు" అని జవాబు ఇచ్చిన తర్వాత ఆగిపోయినవి ఎన్ని ఉన్నాయో ఆయనే చూస్తారు. అయితే చివరి వాక్యం, మార్చి ఇస్తామన్నది, నాన్న నిజంగా ఒప్పుకుంటేనే రాయి. ఒప్పుకోకపోతే ఆ మాట తీసేయ్, మెత్తగా మార్చి "సహకరిస్తాం" అని రాయకు, దాని వల్ల తర్వాత పెద్ద లొల్లి అవుతుంది.

మెషిన్ ప్రశ్న కూడా దీని పక్కనే వస్తుంది. "వేయొచ్చు" అన్నా తప్పే, "వేయొద్దు" అన్నా తప్పే, ఎందుకంటే అది దర్రీ బరువుని బట్టి ఉంటుంది. వాషింగ్ మెషిన్ మీద రాసే కిలోలు పొడి బట్టల బరువు. కాబట్టి ఒక్కో సైజు దర్రీని కాటా మీద పెట్టి బరువు చూసి, "ఈ సైజు ఇన్ని కిలోలు, ఇంట్లో మెషిన్‌లో పడుతుంది, ఆరు బై తొమ్మిది మాత్రం చేత్తో ఉతకండి" అని సైజు ప్రకారం రాయి. ఉతికితే కుదించుకుపోతుందా అన్నదానికీ అదే పద్ధతి, ఉతకక ముందు ఒకసారి, ఆరాక ఒకసారి టేపు పెట్టి కొలిచి ఆ అంకె రాయి. ఎక్కడినుంచో తెచ్చిన శాతం రాయకు.

నీకు తప్పకుండా వచ్చే ఇంకో ప్రశ్న, "ఇది నిజంగా వరంగల్‌దేనా, మెషిన్‌దా". వరంగల్ దర్రీలకి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే గుర్తింపు వచ్చింది, ఆ మాట నిర్భయంగా రాయొచ్చు. కానీ ఆ గుర్తుని మీ సరుకు మీద వాడాలంటే మీరో, మీరు సరుకు తెచ్చే సంఘమో అధీకృత వాడుకదారుగా రిజిస్టర్ అయ్యుండాలి. ఆ రిజిస్ట్రేషన్ ఉంటే ఉందని రాయి, లేకపోతే ఎవరి మగ్గం మీద నేసిందో చెప్పి, నేస్తున్నప్పుడు తీసిన చిన్న వీడియో పెట్టు. ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ నుంచో బయటి రాష్ట్రాల నుంచో ఉంటారు, వాళ్లు కొత్తవాడకి వచ్చి చూడలేరు కదా.

ఇప్పుడు సెర్చ్ సంగతి. ప్రశ్నని హెడింగ్‌గా పెట్టేటప్పుడు కస్టమర్ మాటకి దగ్గరగా ఉంచు, అక్షరాలు మాత్రం సరిచేయి. "వర్ణ స్థిరత్వం" అని ఎవరూ వెతకరు, "రంగు పోతుందా" అని వెతుకుతారు. ఒకరు దర్రీ అంటారు, ఇంకొకరు జంపఖానా అంటారు, రెండు మాటలూ పేజీలో సహజంగా ఒక్కోసారి వస్తే చాలు, ప్రతి లైన్‌లో రెండూ ఇరికించొద్దు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసేవాళ్లు కూడా ఉంటారు కదా అని అదే జవాబుని ఆ అక్షరాల్లో మళ్లీ రాసే పని పెట్టుకోకు, చదివేవాడికి చిరాకు తప్ప ఏమీ ఉండదు. బయటి కస్టమర్లు ఇంగ్లిష్‌లో ఎక్కువ అడుగుతుంటే ఇంగ్లిష్‌కి వేరే పేజీ చేయి, ఒకే పేజీలో రెండు భాషలూ కలపకు.

నీ సైటు ఏ మాటలకి గూగుల్‌లో కనిపిస్తోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉంటే అందులో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, క్వెరీ ఫిల్టర్‌లో రెజెక్స్ ఎంచుకుని, ఈ మాటల్లో ఏది ఉన్నా పట్టుకునేలా ఇలాంటిది పెట్టి చూడు:

```
wash|colou?r|clean|shrink|ఉత|రంగు
```

ఇంప్రెషన్లు ఉండి, అంటే సెర్చ్‌లో నీ సైటు కనిపించి, క్లిక్‌లు లేని వాటిని చూడు. జనం ఆ అనుమానంతో వెతుకుతున్నప్పుడు నీ సైటు ఎక్కడో కింద కనిపిస్తోంది, లేదా కనిపించినా అందులో జవాబు ఉన్నట్టు అనిపించట్లేదు. ఆ మాటలు షీట్‌లో ఉన్న ప్రశ్నతో కలిస్తే ముందు ఆ ప్రశ్న రాయి. కొత్త సైటు కాబట్టి అక్కడ నీకు ఎక్కువ ఏమీ కనిపించకపోవచ్చు, పైగా చాలా కొద్దిమంది వెతికిన మాటల్ని గూగుల్ ప్రైవసీ కోసం చూపించదు కూడా. అందుకే వాట్సాప్ నుంచి మొదలుపెట్టమన్నా.

నొక్కితే తెరుచుకునే డబ్బాల డిజైన్ వద్దు. పది ప్రశ్నలకి అది అవసరం లేదు. కొన్ని థీమ్‌లలో నొక్కాకే జవాబు లోడ్ అవుతుంది, అలాంటప్పుడు గూగుల్‌కి ఆ జవాబు అసలు కనిపించకపోవచ్చు. మామూలు హెడింగ్, కింద పేరా, హెడింగ్‌కి ఒక id, అంతే:

```html
<h3 id="rangu">ఎర్ర దర్రీ ఉతికితే రంగు పోతుందా?</h3>
<p>మొదటి రెండు మూడు ఉతుకుల్లో కొంత దిగుతుంది...</p>
```

ఆ id ఎందుకంటే, రేపు వాట్సాప్‌లో ఎవరైనా రంగు గురించి అడిగినప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పి, కింద `/faq#rangu` లింకు పంపు. నొక్కితే సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరికే వెళ్తుంది. లింకు చూశాక కూడా ఆమె మళ్లీ ఏదో అడిగితే ఆ ప్రశ్నని షీట్ మూడో కాలమ్‌లో వేసుకో, అదే ప్రశ్న ఇంకో ఇద్దరు ముగ్గురు అడిగితే జవాబు మార్చు. ఫోన్లు తగ్గాయా లేదా అన్నది కూడా ఇలాగే తెలుస్తుంది. మొత్తం కాల్స్ లెక్క చూడకు, పెళ్లిళ్ల సీజన్‌లో అవి ఎలాగూ పెరుగుతాయి. రంగు గురించి వచ్చినవి ఎన్ని, మెషిన్ గురించి ఎన్ని అని విడిగా చూడు.

ఏదైనా జవాబు ఐదారు వాక్యాలు దాటి పెరుగుతోందంటే అది ఎఫ్‌ఏక్యూలో ఇమడదు. "దర్రీ ఎలా ఉతకాలి" అలాంటిదే. దానికి వేరే పేజీ పెట్టి, రంగు ముక్కల ఫొటోలు, బరువులు, ఆరబెట్టే పద్ధతి అన్నీ అక్కడ రాయి, ఎఫ్‌ఏక్యూలో రెండు వాక్యాల జవాబూ లింకూ ఉంచు. సెర్చ్ నుంచి మనుషులు వస్తే ఎక్కువగా ఆ పేజీకే వస్తారు.

డెలివరీ రోజులు, క్యాష్ ఆన్ డెలివరీ, రిటర్న్ జవాబులు చిన్నగా రాయి చాలు, కానీ కొరియర్ మారిన రోజే వాటినీ మార్చాలి. అద్దకం వేసే మనిషి మారినా, కొత్త రంగు వచ్చినా ముక్క పరీక్ష మళ్లీ చేయాలి. లేకపోతే పాత ఎరుపుకి రాసిన జవాబు చూసి కొత్త ఎరుపు కొన్నవాళ్లు ఫోన్ చేస్తారు, వాళ్ల తప్పేమీ ఉండదు.

షీట్ తయారయ్యాక ఒక పదిహేను ఇరవై లైన్లు, నంబర్లు లేకుండా, ఇక్కడ పెట్టు. ఏవి కలపాలో ఏవి విడదీయాలో చూసి చెప్తా. ఫంక్షన్ హాళ్ల వాళ్ల హోల్‌సేల్ ప్రశ్నలు మాత్రం వేరే ట్యాబ్‌లో రాసుకో, వాళ్లు అడిగే లెక్కలు పూర్తిగా వేరు, ఇంటికి కొనేవాళ్ల పేజీలో వాటిని కలపొద్దు.